ఊరెళ్లొచ్చాక చలి, వణుకు, జ్వరం: మలేరియానా టైఫాయిడా తేల్చుకోవడం ఎలా

నేను గుంటూరులో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. దాదాపు పద్దెనిమిదేళ్లుగా రక్తం స్లైడ్లు చూస్తున్నాను. దసరా సెలవుల నుంచి సంక్రాంతి వెళ్లేదాకా మా దగ్గరికి ఒకే రకం మనుషులు ఎక్కువగా వస్తారు. అరకు, పాడేరు, మారేడుమిల్లి లాంటి చోట్లకి వెళ్లొచ్చి, వారం పది రోజులు బాగానే ఉండి, ఉన్నట్టుండి చలితో వణికి జ్వరం వచ్చినవాళ్లు. చేతిలో "టైఫాయిడ్ పాజిటివ్" అని ఒక కాగితం, మూడు రోజుల యాంటీబయాటిక్ స్ట్రిప్పు ఉంటాయి. మలేరియా టెస్ట్ మాత్రం చేయించుకుని ఉండరు. అలాంటి జ్వరం వచ్చినప్పుడు ఏ పని ముందు, ఏది తర్వాత అన్నదే ఈ రాత. మందులు డాక్టరే రాయాలి, కానీ ఆ డాక్టరు సరిగ్గా తేల్చడానికి కావాల్సినవి కొన్ని మీ చేతిలోనే ఉంటాయి.

మొదట మా అక్క కొడుకు సంగతి చెబుతాను, మిగతాదంతా దాని మీదే నడుస్తుంది. వాళ్లది విజయవాడ, సింగ్ నగర్. కిందటి నవంబర్‌లో నలుగురు స్నేహితులతో పాడేరు వైపు, వంజంగి కొండ మీద మబ్బులు చూడ్డానికి వెళ్లాడు. శనివారం, ఆదివారం రాత్రులు గుడారంలో పడుకున్నారు, మంగళవారం పొద్దున ఇంటికొచ్చారు. తర్వాతి వారం గురువారం సాయంత్రం ఐదింటికి కాలేజీ నుంచి రాగానే పళ్లు పటపటా కొట్టుకునేంత వణుకు పట్టింది. రెండు దుప్పట్లు కప్పినా ఆగలేదట. ముప్పావుగంట తర్వాత ఒళ్లు కాలిపోయింది, రాత్రికి చెమటలు పట్టి బనియన్ తడిసిపోయింది, శుక్రవారం పొద్దున లేచి ఇడ్లీ తిని బాగానే తిరిగాడు.

ముందు రోజులు లెక్కపెట్టండి

జ్వరం మొదలైన రోజు నుంచి వెనక్కి, ఆ ఊళ్లో మొదటి రాత్రి పడుకున్న రోజు దాకా లెక్కించండి. తిరిగొచ్చిన రోజు నుంచి లెక్కపెడితే తక్కువ వస్తుంది, ఎందుకంటే దోమ మొదటి రాత్రే కుట్టి ఉండొచ్చు. మా వాడికి శనివారం నుంచి గురువారానికి పన్నెండు రోజులు.

దోమ కుట్టిన రోజే మలేరియా జ్వరం రాదు. పరాన్నజీవి ముందు కాలేయంలోకి వెళ్లి అక్కడ పెరిగి, తర్వాత రక్తంలోకి దిగాలి. మన ఏజెన్సీ ప్రాంతంలో ఎక్కువగా కనిపించే ఫాల్సిపారం రకానికి ఇది మామూలుగా ఒకటి రెండు వారాలు, ఒక్కోసారి నెల దాకా పడుతుంది. కాబట్టి వెళ్లిన మూడో రోజే జ్వరం వస్తే అది ఆ ట్రిప్పులో అంటిన మలేరియా కాదు, వేరేది వెతకాలి. టైఫాయిడ్‌కీ దాదాపు ఇదే గడువు, కలుషితమైన నీళ్లో తిండో కడుపులోకి వెళ్లాక సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాలు. అంటే ఒకే ట్రిప్పులో దోమ నుంచి ఒకటి, రోడ్డు పక్క నీళ్ల నుంచి ఇంకొకటి, రెండూ ఒకే వారంలో బయటపడే అవకాశం ఉంది. రెండిట్లోనూ మొదటి రోజుల్లో జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు, నీరసమే. గొంతునొప్పిలాగానో దగ్గులాగానో ఫలానా చోట జబ్బుందని చూపించే గుర్తు ఉండదు. డాక్టర్లు ఈ రెండు పేర్లూ కలిపి తలుచుకోవడానికి కారణం ఇదే. డెంగీకి గడువు తక్కువ, నాలుగు నుంచి పది రోజులు. అక్కడి నుంచి వచ్చేసిన రెండు వారాల తర్వాత మొదలైన జ్వరాన్ని అక్కడి డెంగీ అనలేం, కానీ విజయవాడలో మీ ఇంటి పక్క దోమ ఇచ్చిన డెంగీ కావచ్చు.

ఒక మినహాయింపు ఉంది. వైవాక్స్ అనే రకం మలేరియా కాలేయంలో నెలల తరబడి నిద్రపోయి తర్వాత లేస్తుంది. ఆరు నెలల కిందటి ప్రయాణమైనా సరే చెప్పండి.

వణుకు ఎలా వచ్చిందో రాసుకోండి, కానీ దాన్నిబట్టి మీరే తీర్పు చెప్పకండి

ఒక కాగితం మీద టైము, థర్మామీటర్ చూపిన అంకె, వణుకు ఉందా లేదా, చెమట పట్టిందా అన్నవి రాయండి. మన పెద్దవాళ్లు చలిజ్వరం అనేది ఊరికే అనలేదు. మలేరియాలో మొదట చలి, తర్వాత మంట, చివర చెమట అన్న వరస కనిపిస్తుంది. రక్తంలోని ఎర్రకణాలు ఒకేసారి పగిలి పరాన్నజీవులు బయటకొచ్చినప్పుడు ఆ వణుకు పుడుతుంది. టైఫాయిడ్ జ్వరం సాధారణంగా మెట్లెక్కినట్టు రోజుకి కొంచెం పెరుగుతూ పోతుంది, సాయంత్రానికి ఎక్కువవుతుంది, దుప్పటి కదిలిపోయేంత వణుకు తక్కువ. నాలుక మీద తెల్లటి పూత, మలబద్ధకమో విరేచనాలో, కడుపులో ఇబ్బంది ఉంటాయి.

పుస్తకంలో ఇలా ఉంటుంది గానీ మనిషి దగ్గర అన్నిసార్లూ ఇలా ఉండదు. "రోజు విడిచి రోజు వస్తేనే మలేరియా" అని చాలామంది నమ్ముతారు. ఫాల్సిపారంలో ఆ లెక్క తప్పుతుంది, రోజూ రావచ్చు, జ్వరం దిగకుండానే ఉండొచ్చు. వణుకు మూత్రంలో ఇన్ఫెక్షన్ వల్లా వస్తుంది. కొండల్లో గడ్డి మీద కూర్చుని, పొదల్లో నడిచి వస్తే స్క్రబ్ టైఫస్ కూడా రావచ్చు, కాబట్టి చంకల్లో, గజ్జల్లో, నడుము దగ్గర సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చెక్కు కట్టిన మచ్చ ఉందేమో ఒకసారి చూసుకోండి. అది నొప్పి పుట్టదు, మనంతట మనకి కనబడదు, కనబడితే మాత్రం డాక్టరుకి చూపించాల్సిందే. మీ కాగితం పని డాక్టరుకి దారి చూపడమే, జబ్బు పేరు రక్తమే చెప్పాలి.

అదే రోజు మలేరియా టెస్ట్

ఏజెన్సీ ప్రాంతం నుంచో, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచో, ఆఫ్రికాలో పని నుంచో వచ్చినవాళ్లకి జ్వరం వస్తే "రెండు రోజులు చూద్దాం" అన్న మాట పనికిరాదు. ఫాల్సిపారం ఒకటి రెండు రోజుల్లోనే మెదడుకో మూత్రపిండాలకో ఎక్కగలదు. టైఫాయిడ్ అలా కాదు, దాన్ని తేల్చడానికి కొన్ని రోజుల సమయం సాధారణంగా దొరుకుతుంది. అందుకే అనుమానం రెండిటి మీదా సమానంగా ఉన్నా టెస్టుల్లో మలేరియాదే మొదటి స్థానం.

ల్యాబ్‌కి వెళ్లి రెండూ అడగండి, స్లైడ్, ర్యాపిడ్ కార్డు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి గుంటూరు, విజయవాడ పెద్దాసుపత్రుల దాకా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇది ఉచితం. కార్డు పావుగంట, ఇరవై నిమిషాల్లో చెబుతుంది. స్లైడ్ మీద మేం రెండు పూతలు వేస్తాం. మందపు పూతలో ఎక్కువ రక్తం ఉంటుంది కాబట్టి పరాన్నజీవి ఉందో లేదో దొరుకుతుంది, పలచటి పూతలో అది ఏ రకమో, ఎంత ఉందో తెలుస్తుంది. రంగు వేసి, నూనె చుక్క పెట్టి, మైక్రోస్కోప్‌లో కనీసం వంద ఫీల్డులు, అంటే ఒక్కో చూపుకి కనబడే భాగాలు వంద, చూడాలి. నిజాయితీగా చెబుతున్నాను, రద్దీ ఉన్న సాయంత్రం ఆ వంద చూడకుండా "నెగెటివ్" రాసేవాళ్లు ఉన్నారు. మీరు "అరకు నుంచి వచ్చాం" అని ఒక్క ముక్క చెబితే చూసేవాడి కన్ను మారుతుంది, అందుకే ల్యాబ్‌లో కూడా ప్రయాణం సంగతి చెప్పండి. స్లైడ్ కోసం జ్వరం ఎక్కువగా ఉన్నప్పుడే రావాలని ఆగకండి, ఏ టైములోనైనా తీయొచ్చు. పారాసిటమాల్ వేసుకున్నా ఫలితం మారదు.

ఇక అన్నిటికంటే ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. ఒక్క నెగెటివ్ స్లైడ్‌తో మలేరియా లేదని తేలదు. ఫాల్సిపారం కాస్త ముదిరిన దశలో చిన్న రక్తనాళాల గోడలకి అంటుకుని లోపలి అవయవాల్లో దాక్కుంటుంది, వేలి నుంచి తీసిన చుక్కలో దొరకదు. అందుకని పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల తేడాతో మళ్లీ తీయాలి, మొత్తం మూడు సార్లు. మూడూ నెగెటివ్ అయితే అప్పుడు మలేరియాని పక్కన పెట్టొచ్చు.

యాంటీబయాటిక్ మొదటి మాత్రకి ముందు బ్లడ్ కల్చర్

మా వాడికి జరిగింది ఇక్కడ చెప్పాలి. శుక్రవారం పొద్దున దగ్గర్లోని ఒక క్లినిక్‌కి తీసుకెళ్లారు. సీబీపీ, విడాల్ చేయించారు. విడాల్‌లో "ఓ" 1:80 వచ్చింది, ప్లేట్‌లెట్లు లక్షా పదివేలు. "టైఫాయిడ్ ఉంది, ప్లేట్‌లెట్లు కూడా తగ్గాయి కాబట్టి డెంగీ కూడా కావచ్చు" అని యాంటీబయాటిక్ రాసిచ్చారు. ఆ రోజంతా జ్వరం లేదు, మందు పడిందనుకున్నారు. శనివారం మధ్యాహ్నం మళ్లీ అదే వణుకు. అప్పుడు అక్క ఫోన్ చేసింది.

"అక్కా, వాడు పాడేరు వెళ్లొచ్చిన సంగతి డాక్టరుకి చెప్పారా?" అన్నాను.

"వచ్చి పది రోజులు దాటింది కదరా, దానికీ దీనికీ ఏం సంబంధం? అయినా టైఫాయిడ్ అని రిపోర్టే వచ్చిందిగా" అంది.

ఆ రిపోర్టు గురించి నేను ఆమెకి చెప్పినదే మీకూ చెబుతున్నాను. విడాల్ టెస్ట్ 1896 నాటిది. అది క్రిమిని చూడదు, క్రిమి మీద మన ఒంట్లో పుట్టిన యాంటీబాడీలని చూస్తుంది. మన దగ్గర టైఫాయిడ్ ఎక్కువ కాబట్టి ఎప్పుడో తగిలిన టైఫాయిడ్ వల్లో, వేసుకున్న టీకా వల్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా 1:80 కనిపిస్తుంది. మలేరియా వచ్చినప్పుడు కూడా విడాల్ తప్పుగా పాజిటివ్ రావచ్చు. ఇంకోవైపు నిజంగా టైఫాయిడ్ ఉన్నవాళ్లకి మొదటి వారంలో నెగెటివ్ రావచ్చు, యాంటీబాడీలు పుట్టడానికి టైము కావాలి కదా. వారం పది రోజుల తేడాతో రెండుసార్లు చేసి అంకె నాలుగింతలు పెరిగితే కొంత అర్థం ఉంటుంది. ఒకే ఒక్క రిపోర్టు మీద "టైఫాయిడ్ పాయింట్లు వచ్చాయి" అని మందు మొదలుపెట్టడం, మలేరియాని వెతకడం మానేయడం, ఈ రెండో పని వల్లే మనుషులు ప్రమాదంలో పడుతున్నారు. ప్లేట్‌లెట్లు తగ్గడం డెంగీ ఒక్కదాని లక్షణం కాదు, మలేరియాలో చాలా మామూలుగా తగ్గుతాయి.

టైఫాయిడ్‌ని పట్టిచ్చేది బ్లడ్ కల్చర్. రక్తాన్ని పోషక ద్రవం ఉన్న సీసాలో పోసి వెచ్చగా ఉంచుతారు, క్రిమి ఉంటే పెరుగుతుంది. పెద్దవాళ్లకి సీసాకి ఎనిమిది నుంచి పది మిల్లీలీటర్లు తీయాలి. "ఇంత రక్తమా" అని చేయి లాక్కోకండి, టైఫాయిడ్‌లో రక్తంలో క్రిములు చాలా పలచగా ఉంటాయి, రెండు మిల్లీలీటర్లు పోస్తే దొరికే అవకాశం తగ్గిపోతుంది. మొదటి వారంలో, మందు పడకముందు తీస్తే మంచిది. ఒకటి రెండు రోజుల్లో మొదటి కబురు రావచ్చు, లేదని చెప్పడానికి మాత్రం ఐదు రోజులు ఉంచాలి. అన్నీ సరిగ్గా చేసినా టైఫాయిడ్ ఉన్నవాళ్లలో సగం మందిలోనే దొరుకుతుంది. దొరికితే ఇంకో లాభం, ఏ మందుకి ఆ క్రిమి లొంగుతుందో రాసిస్తారు. ఒకప్పుడు సిప్రోఫ్లాక్సాసిన్‌తో తగ్గిపోయే టైఫాయిడ్ ఇప్పుడు మన దేశంలో దానికి చాలావరకు లొంగడం లేదు, కాబట్టి ఆ కాగితం విలువైనది.

అందుకే వరస ఇలా ఉండాలి. రక్తం తీయించండి, కల్చర్ సీసాలు నిండనివ్వండి, ఆ తర్వాతే మొదటి యాంటీబయాటిక్. మెడికల్ షాపులో "జ్వరం బిళ్లలు" అని అడిగితే వాటిలో ఒక యాంటీబయాటిక్ కలిపిచ్చే అలవాటు మన దగ్గర ఉంది, ఏం ఇచ్చాడో పేరు చూడండి. కల్చర్ చెడగొట్టేది అదే. డాక్సీసైక్లిన్ లాంటిది అయితే మలేరియాని కూడా కొంత అణిచి స్లైడ్‌ని గందరగోళం చేయగలదు.

తేలేదాకా ఇంట్లో

జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. పెద్దవాళ్లకి 500 లేదా 650 మిల్లీగ్రాముల బిళ్ల, ఆరు గంటలకి ఒకటి, రోజుకి నాలుగు దాటకూడదు. కాలేయం జబ్బు ఉన్నవాళ్లూ, రోజూ మద్యం తాగేవాళ్లూ ఈ మోతాదు కూడా డాక్టర్ని అడిగే వేసుకోవాలి. డైక్లోఫెనాక్ సూదులు, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వద్దు, డెంగీ కాదని తేలలేదు కాబట్టి రక్తస్రావం భయం ఉంటుంది. వణుకుతున్నప్పుడు దుప్పటి కప్పండి, ఒళ్లు కాలుతున్నప్పుడు తీసేసి గోరువెచ్చని నీళ్లతో తుడవండి. లంఖణాలు పెట్టకండి. మజ్జిగ, గంజి, ఓఆర్ఎస్, పెరుగన్నం, మెత్తటి ఇడ్లీ, మనిషికి సయించింది ఏదైనా పెట్టండి. సెలైన్ ఎక్కిస్తే జ్వరం తగ్గుతుందన్నది తప్పు, నోటితో తాగగలిగితే నోరే చాలు.

ఈ కిందివి కనబడితే మాత్రం టెస్టు రిపోర్టు కోసం ఆగకుండా 108 పిలిచి పెద్దాసుపత్రికి వెళ్లండి: మాట తడబడటం, మగతగా ఉండటం, ఫిట్స్, ఆయాసం, కళ్లు పచ్చబడటం, మూత్రం నల్లగా రావడం లేదా బాగా తగ్గడం, ఏది తాగినా వాంతి కావడం, ఎక్కడి నుంచైనా రక్తం. గర్భిణీలకీ, చిన్నపిల్లలకీ మామూలు జ్వరంలా కనబడినా అదే రోజు ఆసుపత్రిలో చూపించాలి. జ్వరం మొదలై రెండు మూడు వారాలైనవాళ్లకి ఉన్నట్టుండి కడుపులో తీవ్రమైన నొప్పి వచ్చి పొట్ట గట్టిపడితే అది టైఫాయిడ్ వల్ల పేగుకి రంధ్రం పడటం కావచ్చు, అది ఆపరేషన్ దాకా వెళ్లే విషయం.

మా వాడికి ఎలా తేలింది

శనివారం రాత్రి విజయవాడలోనే ఒక ల్యాబ్‌లో స్లైడ్ తీయించాం, కల్చర్‌కి రక్తం ఇప్పించాం. స్లైడ్ నెగెటివ్ వచ్చింది. అక్కకి ప్రాణం లేచొచ్చింది, నాకు మాత్రం నిద్ర పట్టలేదు, టెన్షన్‌తోనే తెల్లారింది. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి మళ్లీ తీయించమన్నాను. "ఎన్నిసార్లు గుచ్చుతారురా పిల్లాడికి" అని కోప్పడింది, అయినా తీసుకెళ్లింది. ఈసారి కార్డులో ఫాల్సిపారం గీత లేతగా వచ్చింది. స్లైడ్ మీద పది ఫీల్డులకి ఒకటి రెండు చిన్న ఉంగరాల్లాంటి పరాన్నజీవులు కనిపించాయి. రాత్రి కూడా ఉండే ఉంటాయి, కళ్లకి అందనంత తక్కువగా.

ఆదివారమే ఆసుపత్రిలో చేర్చి చికిత్స మొదలుపెట్టారు. మన రాష్ట్రంలో మామూలు ఫాల్సిపారానికి ఆర్టిసునేట్ మూడు రోజులు, దానితో పాటు మొదటి రోజు సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్, రెండో రోజు ప్రైమాక్విన్ ఒక మోతాదు ఇస్తారు. ఆర్టిసునేట్ వేసుకోగానే జ్వరం పోయిందని రెండో రోజు ఆపేస్తే మిగిలిన పరాన్నజీవులు మళ్లీ పెరుగుతాయి, కాబట్టి ప్యాకెట్ పూర్తి కావాలి. వైవాక్స్ అయితే క్లోరోక్విన్ మూడు రోజులు, ప్రైమాక్విన్ పద్నాలుగు రోజులు. ఆ ప్రైమాక్విన్ కాలేయంలో నిద్రపోతున్నవాటిని చంపడానికి, కానీ జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకి దానితో ఎర్రకణాలు పగిలిపోతాయి, గర్భిణీలకి ఇవ్వరు. అందుకే దాన్ని సొంతంగా కొనుక్కోకూడదు.

మంగళవారానికి వణుకు ఆగింది, ఆకలి మొదలైంది. కల్చర్‌లో ఐదు రోజులకీ ఏమీ పెరగలేదు. అయితే శనివారం రాత్రికే మూడు మాత్రలు పడి ఉన్నాయి కాబట్టి టైఫాయిడ్ అసలు లేనే లేదని దాంతో కచ్చితంగా చెప్పలేం. మలేరియా మందుతో రెండు రోజుల్లో జ్వరం పూర్తిగా దిగి మళ్లీ రాకపోవడం చూసి డాక్టరు యాంటీబయాటిక్ ఆపించారు. అదే నిజంగా టైఫాయిడ్ అయి ఉంటే సరైన మందు పడ్డాక కూడా జ్వరం దిగడానికి నాలుగు నుంచి ఆరు రోజులు పట్టేది. మూడో రోజుకి తగ్గలేదని టైఫాయిడ్ మందు మార్చమని డాక్టరు వెంట పడేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

తగ్గాక నెల రోజుల లోపు మళ్లీ జ్వరం వస్తే స్లైడే చేయించండి. ఫాల్సిపారం కార్డు మలేరియా తగ్గిన తర్వాత కూడా కొన్ని వారాలు పాజిటివ్ చూపిస్తూనే ఉంటుంది, దాన్ని చూసి మందు పనిచేయలేదని అనుకోవద్దు. మా వాడికి 28వ రోజున స్లైడ్ నేనే చూశాను. వంద దాటి రెండు వందల ఫీల్డులు తిప్పాను, ఒక్క ఉంగరం కూడా లేదు.